కొత్త సీఎన్‌సీ లేత్ కొనాలంటే: రిపోర్టులో ఖర్చు–లాభాల విభాగం రాసే పద్ధతి

బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో బ్యాంకు అధికారి నిదానంగా చదివే భాగం ఖర్చు–లాభాల లెక్క. మిగతా పేజీలు తిరగేస్తాడు, ఇక్కడ మాత్రం పెన్ను తీస్తాడు. చాలా రిపోర్టులు ఇక్కడ ఒకే పొరపాటు చేస్తాయి. మెషిన్ ఎంత ఉత్పత్తి చేయగలదో రాసి, దాన్ని ధరతో గుణించి, లాభం అంటాయి. మెషిన్ సామర్థ్యం లాభం కాదు. మెషిన్ ఉన్న షాపుకీ లేని షాపుకీ మధ్య నెలకు చేతిలో మిగిలే డబ్బులో తేడా ఎంతో, అదే లాభం. ఈ విభాగం మొత్తం ఆ తేడాను చూపడానికే.

పద్ధతి అర్థం కావడానికి ఒక నమూనా షాపును మొదటి నుంచి చివరిదాకా లెక్క కడదాం. హైదరాబాద్ బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కనిపించే రకం షాపు: మూడు మామూలు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, ఐదుగురు మనుషులు. యజమాని 18 లక్షల సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్ కొనాలనుకుంటున్నాడు. అంకెలు నమూనాకే. మీ బిల్లులు, రిజిస్టర్లు, కొటేషన్లు చూసి వాటిని మార్చుకోండి.

మొదటి అడుగు: ఇప్పుడు ఏం జరుగుతోందో రాయండి

కొనకపోతే షాపు ఎలా నడుస్తుందో ముందు రాయాలి. దీన్ని ఒక వాక్యంలో తేల్చేస్తే తర్వాతి లెక్కకు పునాది ఉండదు. గత పన్నెండు నెలల చలాన్లు, జాబ్‌వర్క్ బిల్లులు, హాజరు పుస్తకం ముందు పెట్టుకుని నెల సగటు తీయండి. ఒక్క మంచి నెలను తీసుకోవద్దు.

మన నమూనా షాపులో రెండు ఐటమ్‌లున్నాయి. బుష్‌లు నెలకు 2,400. వీటిని బయటి సీఎన్‌సీ షాపుకు జాబ్‌వర్క్‌కు ఇస్తున్నారు, ఒక్కోదానికి 18 రూపాయలు. అంటే నెలకు 43,200. ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి తేవడానికి ఎనిమిది ట్రిప్పులు, ట్రిప్పుకు 600 చొప్పున 4,800. ఇక పిన్నులు నెలకు 1,200. వీటిని సొంత లేత్ మీదే తిప్పుతున్నారు, పిన్నుకు పది నిమిషాలు. అంటే నెలకు 200 గంటలు, ఒక టర్నరు, ఒక లేత్ పూర్తిగా దీనికే. పని తెమలక నెలకు సగటున 8,000 ఓటీ పడుతోంది. వందకు ఐదు పిన్నులు సైజు తప్పి తుక్కులోకి పోతున్నాయి.

ఇక్కడ అంకెలన్నీ జీఎస్టీ లేకుండా రాయండి. ఒక చోట జీఎస్టీ కలిపి, మరో చోట కలపకపోతే లెక్క మొత్తం వంకర పోతుంది.

రెండో అడుగు: పిన్ను టైము మీరే కొలవండి

మెషిన్ అమ్మే కంపెనీ ఇచ్చే టైము షీట్‌లో కటింగ్ టైమే ఉంటుంది. ముక్క బిగించడం, విప్పడం, గేజితో చూడడం, బర్ర్ తీయడం అందులో ఉండవు. మీ డ్రాయింగూ, మీ మెటీరియలూ పట్టుకుని వాళ్ల డెమో సెంటర్‌కు వెళ్లి, ముక్క వేసి చూపించమనండి. సెట్టింగ్ అయ్యాక వరసగా ఇరవై ముక్కలకు స్టాప్‌వాచ్ పెట్టండి. తలుపు తెరిచిన క్షణం నుంచి మళ్లీ తలుపు తెరిచిన క్షణం దాకా ఒక ముక్క.

మన నమూనాలో కటింగ్ 1 నిమిషం 55 సెకన్లు, బిగించి విప్పడానికి 20 సెకన్లు, చెకింగ్‌కూ బర్ర్‌కూ 15 సెకన్లు. మొత్తం రెండున్నర నిమిషాలు. కంపెనీ షీట్ ప్రకారం గంటకు 31 ముక్కలు రావాలి, నిజంగా వచ్చేవి 24. ఈ ఏడు ముక్కల తేడా చివర్లో వాయిదా కట్టగలగడానికీ కట్టలేకపోవడానికీ మధ్య తేడా అవుతుంది.

నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలంటే 200 గంటలు. ఇందులో సెట్టింగ్ మార్చడం, ఇన్‌సర్ట్ మార్చడం, కరెంటు పోవడం, భోజనం తీసేస్తే 160 గంటలు మిగిలితే బాగా నడిచినట్టే. బుష్‌కూ ఇంతే టైము అనుకుంటే, బుష్‌లూ పిన్నులూ కలిపి మన 3,600 ముక్కలకు పట్టేది 150 గంటలు. కాబట్టి చేతిలో ఉన్న పనితోనే మొదటి షిఫ్టు దాదాపు నిండిపోయింది. ఈ సంగతి రిపోర్టులో దాచకండి, తర్వాత పనికొస్తుంది.

మూడో అడుగు: కొటేషన్ ధర దగ్గర ఆగకండి

18 లక్షలు మెషిన్ ధర మాత్రమే. అది షాపులో నిలబడి మొదటి మంచి ముక్క బయటకు వచ్చేదాకా అయ్యే ఖర్చు ఇదీ:

| పద్దు | రూపాయలు |
|---|---|
| మెషిన్ | 18,00,000 |
| రవాణా, క్రేన్, దించడం | 35,000 |
| ఫ్లోరు, లెవెలింగ్ | 30,000 |
| సర్వో స్టెబిలైజర్ | 90,000 |
| కేబుల్, ప్యానెల్, ఎర్తింగ్ | 45,000 |
| కరెంటు లోడ్ పెంపు చార్జీలు | 40,000 |
| చక్ జాలు, టూల్ హోల్డర్లు, మొదటి ఇన్‌సర్టులు | 1,20,000 |
| ట్రైనింగ్, ట్రయల్‌లో పోయే ముక్కలు | 40,000 |
| మొత్తం | 22,00,000 |

ఎక్కువగా మరిచిపోయేవి రెండు. లోడ్ పెంపు ఒకటి. ఇప్పుడున్న శాంక్షన్డ్ లోడ్ చాలకపోతే డిస్కంకు దరఖాస్తు, చార్జీలు, వాళ్ల ఇన్‌స్పెక్షన్. ఈలోగా మెషిన్ కవరు కప్పుకుని కూర్చుంటుంది, బ్యాంకు వడ్డీ మాత్రం కూర్చోదు. రెండోది టూలింగ్. మెషిన్‌తో వచ్చే హోల్డర్లు మీ జాబ్‌కు సరిపోతాయని అనుకోవద్దు. కొటేషన్‌లో ఏ హోల్డరు, ఎన్ని, ఏ సైజు అని వరస వరసగా రాయించుకోండి.

జీఎస్టీని ఈ పట్టికలో కలపలేదు. మెషిన్ మీద 18 శాతం, అంటే 3,24,000. మీరు మామూలు స్కీములో ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి అది ఖర్చు కాదు. కానీ ముందు చేతి నుంచి కట్టాలి, తిరిగొచ్చేది మీరు కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటుగా. మీరు నికరంగా కట్టేది నెలకు 40,000 అయితే మొత్తం సర్దుకోవడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో ఒక వాక్యం రాయండి. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు క్రెడిట్ రాదు, వాళ్లకు ఇది పూర్తి ఖర్చే. ఇంకో మాట: జీఎస్టీని మెషిన్ ధరలో కలిపి ఆదాయపు పన్నులో తరుగుదల చూపిస్తే క్రెడిట్ పోతుంది. రెండూ దక్కవు. ఇది మీ ఆడిటరుతో ముందే తేల్చుకోండి.

నాలుగో అడుగు: లాభాలు ఒక్కొక్కటిగా, రుజువుతో

ఏ లాభం రాసినా పక్కన దాన్ని చూపించే కాగితం పేరు రాయండి. కాగితం లేని లాభం పట్టికలోకి రాకూడదు.

జాబ్‌వర్క్ ఆగడం వల్ల 43,200, రుజువు ఏడాది బిల్లులు. ట్రాలీ ఖర్చు 4,800, రుజువు ఓచర్లు. ఓటీ 8,000, రుజువు హాజరు పుస్తకం. ఇక తుక్కు: వందకు ఐదు పోయేది ఒకటికి తగ్గితే నెలకు 48 పిన్నులు మిగులుతాయి. పిన్నుకు ముడిసరుకు 65 రూపాయలు. కానీ పాడైన పిన్ను తుక్కు ధరకు 25 ఎలాగూ ఇస్తుంది. కాబట్టి నిజంగా మిగిలేది 40, నెలకు 1,920. క్వాలిటీ పెరుగుతుందని పేజీలకు పేజీలు రాసే రిపోర్టులుంటాయి, రూపాయల్లోకి మార్చితే చాలాసార్లు వచ్చేది ఇంతే. దాని అసలు విలువ కస్టమరు చేజారకుండా ఉండటంలో ఉంది. అది అంకెల్లో పెట్టలేరు, పట్టిక కింద ఒక వాక్యంగా రాస్తే చాలు.

మొత్తం 57,920.

ఇప్పుడు అందరూ పడే గుంట. పిన్నుల మీద నెలకు 200 గంటలు పట్టేది 50కి తగ్గింది, 150 గంటల కూలీ ఆదా అని రాస్తారు. ఆ టర్నరును తీసేస్తున్నారా? లేదు, అతన్నే సీఎన్‌సీ మీద పెడుతున్నారు. జీతం పోతూనే ఉంది, పైగా నేర్చుకున్నందుకు 6,000 పెంచాల్సి వస్తుంది. గంటలు మిగిలినంత మాత్రాన డబ్బు మిగలదు. ఆ గంటల వల్ల ఓటీ ఆగితేనో, కొత్త మనిషిని పెట్టుకోవడం తప్పితేనో, అమ్ముడుపోయే పని వస్తేనో అది లాభం. ఓటీని ఇప్పటికే లెక్కలో వేశాం. మళ్లీ గంటల ఆదా అంటే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ఐదో అడుగు: కొత్తగా పడే ఖర్చులు

కరెంటు లెక్కకు మెషిన్ మీద రాసిన కిలోవాట్లు వేయకండి, అది గరిష్ఠం. నడిచేటప్పుడు సగటు లోడు చూడాలి. ఇక్కడ 6 కిలోవాట్లు అనుకుంటే 150 గంటలకు 900 యూనిట్లు. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం అన్నీ కలిపి యూనిట్‌కు 9 రూపాయలైతే 8,100. పాత లేత్ ఆగిపోతుంది కాబట్టి దాని 400 యూనిట్లు, 3,600 తీసేయాలి. నికరం 4,500. మీ రేటు కావాలంటే గత నెల బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించండి.

ఇన్‌సర్టులు, కూలెంట్ ముక్కకు 2 రూపాయల చొప్పున 7,200. మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్ నెలకు 5,000. టర్నరు జీతం పెంపు 6,000. మొత్తం 22,700.

ఈ పట్టికలో రెండు రాయకూడదు. ఒకటి తరుగుదల. అది పన్ను లెక్కలో ఉంటుంది, జేబులోంచి వెళ్లదు. మెషిన్ మీద ఏటా మిగిలిన విలువకు 15 శాతం, కొన్న సంవత్సరం 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగం. పన్ను తగ్గే మేరకు విడిగా చూపొచ్చు. మన లెక్క పన్నుకు ముందుది. రెండోది బ్యాంకు వడ్డీ. దాన్ని వాయిదాతో పోల్చేటప్పుడు చూస్తాం, ఇక్కడా వేస్తే రెండుసార్లు పడుతుంది.

57,920లో 22,700 పోతే నెలకు మిగిలేది 35,220.

ఆరో అడుగు: ఇక్కడ ఆగి నిజం చూడండి

22 లక్షల్లో నాలుగోవంతు సొంత డబ్బు, మిగతా 16.5 లక్షలు అప్పు, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుందాం. వాయిదా ఎక్సెల్‌లో:

```
=PMT(0.11/12,60,-1650000)
```

జవాబు 35,875. మిగిలేది 35,220. అంటే ఇప్పుడున్న పని మాత్రమే ఉంటే ఈ మెషిన్ తన వాయిదా తను కట్టుకోలేదు. రిపోర్టులు దారి తప్పేది సరిగ్గా ఈ చోటే. జాబ్‌వర్క్ రేటు 18 నుంచి 24కి చేరుతుంది, తుక్కు పూర్తిగా పోతుంది అని రాసేస్తారు. ఇలా సన్నసన్నగా పెంచుకుంటూ పోతే ఎలాగోలా లెక్క కుదురుతుంది. బిల్లులు జత చేసి ఉంటాయి కాబట్టి అధికారి పదినిమిషాల్లో పట్టుకుంటాడు. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా వాటినీ నమ్మడు.

నిజాయితీ గల దారి ఒక్కటే: రెండో షిఫ్టు. దాన్ని దాని లెక్కలోనే చూపాలి. బయటి జాబ్‌వర్క్ తీసుకుంటే గంటకు 400 రూపాయలు వస్తాయనుకుందాం. అందులో కరెంటు 54, ఇన్‌సర్టులు 48 పోతే గంటకు 298 మిగులుతుంది. కానీ రెండో షిఫ్టుకు ఆపరేటరు కావాలి, నెలకు 20,000. పని ఉన్నా లేకపోయినా ఆ జీతం ఇవ్వాల్సిందే. ఈ ఒక్క వాక్యం మొత్తం విభాగానికి ఆయువుపట్టు. గంటలు కొద్దికొద్దిగా పెరుగుతాయి, జీతం మాత్రం ఒకేసారి మీద పడుతుంది.

దాంతో మూడు మెట్లు ఏర్పడతాయి. మొదటి 67 గంటలు ఆపరేటరు జీతానికే సరిపోతాయి, మీకేమీ మిగలదు. 100 గంటలు దొరికితే నెలకు మిగిలేది 45,020 అవుతుంది, వాయిదాకు ఒకటింబావు రెట్లు. దీన్నే బ్యాంకులు డీఎస్‌సీఆర్ అంటాయి. సాధారణంగా 1.25కి తగ్గితే ఇబ్బంది పెడతాయి, 1.5 దాటితే స్థిమితంగా ఉంటాయి. 150 గంటలు నిండితే మిగిలేది 59,920, డీఎస్‌సీఆర్ 1.67. అదే 75 గంటలే దొరికితే 37,570, అంటే 1.05. రెండో షిఫ్టు సగం నిండితే లాభం సగం రాదు, దాదాపు ఏమీ రాదు.

బ్యాంకు వాళ్లు డీఎస్‌సీఆర్‌ను షాపు మొత్తానికి లెక్కిస్తారు. ఇది మెషిన్ ఒక్కదానికే అని స్పష్టంగా రాయండి. మీ మిగతా వ్యాపారం లాభం దాని పైన వస్తుంది.

ఏడో అడుగు: ఐదేళ్ల లెక్క

పెట్టుబడి ఎన్నాళ్లలో తిరిగొస్తుందో చెప్పే అంకె అందరికీ అర్థమవుతుంది, కానీ మొదటి ఏడాది కష్టం అందులో కనిపించదు. కాబట్టి ఏడాది ఏడాదికీ వేయండి. మొదటి రెండు నెలలు నేర్చుకోవడానికే పోతాయి, బయటి జాబ్‌వర్క్ అప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మిగతా పది నెలలు ఒక్క షిఫ్టే. అంటే మొదటి ఏడాది 3,52,200. రెండో ఏడాది నుంచి 150 గంటల రెండో షిఫ్టుతో 7,19,040. ఐదో ఏడాది చివర మెషిన్ అమ్మితే 5 లక్షలు వస్తుందనుకుందాం. ఈ అంకెకు పాత మెషిన్లు అమ్మే డీలరు దగ్గర అదే రకం, అంతే వయసున్న మెషిన్ రేటు అడిగి రాసుకోండి. ముందు ముందు వచ్చే డబ్బును ఏటా 12 శాతం చొప్పున తగ్గించి ఈ రోజు విలువలోకి మార్చి, పెట్టుబడి తీసేస్తే:

```
=NPV(0.12,352200,719040,719040,719040,1219040)-2200000
```

ఫలితం సున్నాకు సుమారు 3,48,000 పైన. పెట్టుబడి 22 లక్షలను బ్రాకెట్ లోపల మొదటి అంకెగా పెట్టే తప్పు చాలామంది చేస్తారు. ఎక్సెల్ లోపలున్న మొదటి అంకెను ఏడాది తర్వాతిదిగా తీసుకుంటుంది. దాంతో ఈ రోజు కట్టే 22 లక్షలతో సహా అంకెలన్నీ ఒక ఏడాది వెనక్కి జరిగి లెక్క తప్పు దారి పడుతుంది.

ఇదే లెక్క 100 గంటలతో వేస్తే సున్నాకు సుమారు 1,37,000 కిందికి పోతుంది. బ్యాంకు వాయిదా కట్టగలరు, కానీ మీ సొంత డబ్బు 12 శాతం సంపాదించలేదు. సున్నా దాటేది 114 గంటల దగ్గర. బ్యాంకుకు 100 చాలు, మీకు 115 కావాలి. ఈ రెండూ ఒకటే అనుకుని సంతకం పెట్టే యజమానులు ఎక్కువ.

మొదటి ఏడాదికి వాయిదాలు 4,30,500, మెషిన్ సంపాదించేది 3,52,200. లోటు 78,300. దీన్ని అధికారి అడిగేదాకా ఆగకుండా మీరే రాసి, పక్కనే పరిష్కారం చెప్పండి: ఆరు నెలల మారటోరియం కోరుతున్నామనో, ఉన్న వ్యాపారం లాభంలోంచి కడతామనో. మారటోరియంలో వడ్డీ పడుతూనే ఉంటుందని లెక్కలో చూపండి.

సబ్సిడీలను ఈ లెక్కలో కలపొద్దు. రాష్ట్ర పథకాల కింద వచ్చేది సాధారణంగా ఉత్పత్తి మొదలయ్యాక దరఖాస్తు పెట్టుకుంటే మంజూరయ్యేది. అది లేకుండానే లెక్క నిలబడిందని చూపి, వస్తే అదనమని వేరే వరసలో రాయండి.

ఎనిమిదో అడుగు: వేరే దారులను ఎందుకు వదిలేశారో

రెండు ప్రత్యామ్నాయాలు రాస్తే చాలు. ఇప్పటిలాగే బయట చేయించడం ఒకటి. రెండో షిఫ్టుకు పని దొరకకపోతే ఇదే మంచిదని మీ లెక్కే చెబుతోంది, ఒప్పుకోండి. పాత సీఎన్‌సీ కొనడం రెండోది. ధర తగ్గుతుంది కానీ పైన చెప్పిన 4 లక్షల పక్క ఖర్చులు తగ్గవు. కంట్రోలర్ పాతదైతే కార్డు పోయినప్పుడు దొరకడం కష్టం, అప్పు ఇవ్వడానికి బ్యాంకులూ అంత సుముఖంగా ఉండవు.

తొమ్మిదో అడుగు: రాతలో పెట్టడం

విభాగం రెండు మూడు పేజీలు దాటకూడదు. ఫలితం మొదట రావాలి, పట్టికలు తర్వాత. మొదటి పేరా ఇలా ఉంటే చాలు:

"ప్రతిపాదిత మెషిన్‌కు జీఎస్టీ కాకుండా మొత్తం పెట్టుబడి రూ. 22,00,000. ప్రస్తుతం చేతిలో ఉన్న పనితో నెలకు రూ. 35,220 మిగులుతుంది, ఇది నెల వాయిదా రూ. 35,875కు కొంచెం తక్కువ. రెండో షిఫ్టులో నెలకు 150 గంటల జాబ్‌వర్క్‌కు కస్టమర్ల లేఖలు జతపరిచాం. దాంతో మిగులు రూ. 59,920 అవుతుంది. రెండో షిఫ్టు 100 గంటలకు తగ్గినా మిగులు వాయిదాకు 1.25 రెట్లు ఉంటుంది."

"అపారమైన డిమాండ్ ఉంది" లాంటి మాటలు ఇందులో లేవు, గమనించండి. డిమాండ్‌ను చూపేవి లేఖలు. ఆ లేఖలో ఐటమ్ పేరు, డ్రాయింగ్ నంబరు, నెలకు ఎన్ని ముక్కలు, ఏ రేటుకు, ఎన్ని నెలలు అనేవి ఉండాలి. "మీ సేవలు వినియోగించుకోగలం" అని మాత్రమే ఉన్న లేఖను జత చేసినా, చేయకపోయినా ఒకటే. ముక్కల సంఖ్యను మీరు కొలిచిన టైముతో గుణించి గంటల్లోకి మార్చండి. 150 గంటలంటే రెండున్నర నిమిషాల ముక్కలు 3,600. లేఖలన్నీ కూడితే 2,760 ముక్కలే వచ్చాయనుకోండి, అది 115 గంటలు. అప్పుడు మొదటి పేరాలో 150 అని రాయకుండా 115 అనే రాసి, పట్టికలన్నీ దాని ప్రకారం మార్చండి.

ఒకే కస్టమరు లేఖ మీద సగం గంటలు ఆధారపడినా అది రిస్కు. అతను తప్పుకుంటే 75 గంటలకు పడిపోయే లెక్క పైన ఉంది, దాన్ని కూడా పట్టికలో ఒక నిలువు వరసగా పెట్టండి. మూడు వరసలు చాలు: 75, 100, 150. ఇంతకంటే ఎక్కువ పెడితే ఎవరూ చదవరు.

చివరగా జతపరిచే కాగితాల వరస: కనీసం రెండు కొటేషన్లు, టైము కొలిచిన షీటు, ఏడాది జాబ్‌వర్క్ బిల్లుల సారాంశం, ఓటీ సారాంశం, కరెంటు బిల్లు, కస్టమర్ల లేఖలు. కొటేషన్ల మీద చెల్లుబాటు గడువు చూడండి. చాలావాటికి 30 రోజులే ఉంటుంది, అప్పు మంజూరు అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. గడువు దాటిన కొటేషన్‌తో ఫైలు వెళితే మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ధర మారితే 22 లక్షల నుంచి వాయిదా దాకా అన్నీ మళ్లీ వేయాలి. అందుకే ఎక్సెల్‌లో ధరను ఒకే గడిలో పెట్టి, మిగతా అంకెలన్నీ ఆ గడి నుంచే వచ్చేలా కట్టుకోండి.